ఎడమకు తిరగని మెడ

పిల్ల తండ్రి మొహం చూడదన్న మాట ముందుగా అన్నది అప్పలకొండమ్మే. అన్నది కూడా చాటున కాదు. కొంటా రోడ్డు మీద అల్లుడి టైర్ల కొట్టు ముందు నిలబడి, జాకీ మీదున్న లారీ పక్కన డ్రైవర్లు బీడీలు కాలుస్తూ వింటుండగా అంది.

"నా బిడ్డను పొట్టన పెట్టుకున్నోడు గదా! పసిదానికి తెల్వదా ఏంది? ఈయన దిక్కే తిరగదు."

గవర్రాజు పానా కింద పెట్టలేదు. "పిల్లకు పాల టైమయింది. లోపలికి పో అత్తా," అన్నాడు.

గవర్రాజు భార్య లలిత పురిట్లోనే పోయింది. నొప్పులు మొదలైనా తన ఊరు మరైగూడలోనే కూర్చోబెట్టి మంత్రసాని కోసం చూసింది అత్త, అందుకే పోయిందని గవర్రాజు అంటాడు. కబురందాక కూడా అల్లుడు వేళకు బండి తేలేదు, అందుకే పోయిందని అత్త అంటుంది. కొట్టు వెనక గదిలో ఇద్దరూ ఒక్క పిల్లను పెంచుతూ, ఒకరినొకరు క్షమించకుండా బతుకుతున్నారు. పిల్లను తనతో మరైగూడ తీసుకుపోతానని ఆమె పట్టు. పంపనని అతని పట్టు.

ఆమె అన్న మాట అబద్ధమైతే గవర్రాజు మరిచిపోయేవాడు. నిజం గనక గుచ్చుకుంది. పిల్లకు, అమ్ముకు, రెండు నెలలు దాటాయి. మంచం మీద పడుకోబెడితే ఎప్పుడూ కుడివైపే చూస్తుంది. అతని చాప ఎడమవైపు, కొట్టు తలుపు దగ్గర. పిలిస్తే కళ్లు మాత్రం ఓరగా ఇటు జరుగుతాయి, తల రాదు. నాలుగు రోజులు పిలిచి మానేశాడు. ఎత్తుకోవడం కూడా మానేశాడు.

స్నానం చేయిస్తుంటే అప్పలకొండమ్మకు తల తేడా కనిపించింది. వెనక కుడివైపు చదునుగా ఉంది. ఆ పక్క చెవి కాస్త ముందుకొచ్చింది. ఆవాల దిండు కుట్టి తల కింద పెట్టింది. ఆముదం వెచ్చజేసి, కుండకు ఒంపు తెస్తున్నట్టు అరచేతులతో తల ఒత్తడం మొదలుపెట్టింది.

టీకాల రోజు నర్సు ఆ దిండు చూసి తిట్టింది. నిద్రలో దిండు ముక్కుకు అడ్డం పడితే ఊపిరాడదంది. ఒత్తితే తల గుండ్రమవదు, పడుకునే తీరు మార్చాలంది. నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలానే. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం పక్కన మనిషి కూర్చుని కాసేపు బోర్లా. అవసరమైతే మంచంలో తలవైపు, కాళ్లవైపు మార్చి, వెలుగు పిల్లకు ఎడమనుంచి వచ్చేలా పడుకోబెట్టాలి, పలకరింపూ ఎడమనుంచే చేయాలి. ఉత్త అలవాటైతే అటు తిరుగుతుంది. తిరగకపోతే ఆలస్యం చేయకుండా మెడ చూపించాలి.

తలుపు అప్పటికే పిల్లకు ఎడమవైపుంది. కుడివైపు కిటికీ. గవర్రాజు ఆ కిటికీ మూసేశాడు. మంచాన్ని కుడి అంచు గోడకు ఆనేలా జరిపాడు. ఇప్పుడు వెలుగు, మనుషులు, లారీల మోత అన్నీ ఎడమవైపే. కుడివైపు సున్నం వేసిన ఉత్త గోడ.

అమ్ము గోడనే చూసింది. రెండు వారాలు చూసింది.

"గోడనన్నా చూస్తది గాని నిన్ను చూడదు," అంది అప్పలకొండమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో కాస్త తృప్తి కూడా ఉంది.

గవర్రాజు ఆ గోడకేసి చూశాడు. బల్లి కూడా లేదు. ఎంత కోపమున్నా, ఎవరూ రెండు వారాలు ఉత్త గోడను చూడరు. ఒక అంచే అరిగిన టైరును విప్పి రెండో పక్క వేస్తాం. దాని చోట వేసిన కొత్తదీ అదే అంచున అరిగితే, తప్పు టైరుది కాదు, ఇరుసుది. ఆ సంగతి తెలిసినవాడు ఇంట్లో ఇన్నాళ్లు ఏం చూశాడు?

చేతులు కడుక్కొని వచ్చి పిల్ల మెడ తడిమాడు. ఎడమవైపు చర్మం కింద చిన్న గట్టి ముడి తగిలింది. ఎత్తుకునే తండ్రి అయితే ఎప్పుడో తగిలేది.

మర్నాడు పొద్దున అప్పలకొండమ్మ సంచీ సర్దుకుని ఉంది.

"మరైగూడ బస్సుకు పోతున్నం. నేనూ, పిల్లా."

"భద్రాచలం బస్సుకు పోతున్నం. మెడ చూపించాలె."

"మెడకేమైంది? దాని మనసుకైంది."

"మనసు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు వస్తే రా, లేకుంటే పాలసీసా ఇటియ్యి."

ఆమె వచ్చింది. అల్లుడి చేతికి సీసా ఇవ్వడం ఇష్టం లేక వచ్చింది.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరు తల, మెడ, తుంటి కీళ్లు చూసి, ఫిజియోథెరపీ గదికి పంపాడు. అక్కడ సుమిత్ర అనే ఆవిడ పిల్ల మొహం ముందు గిలక్కాయ ఆడించింది. కుడివైపు జరిపితే తల చకచకా వెంట వెళ్లింది. ఎడమకు జరిపితే సగం దాకా వచ్చి ఆగింది. కళ్లొక్కటే ముందుకు పోయాయి.

"చూశారా? ఎడమ పక్క కండరం బిగుసుకుంది. అందుకే తల ఎడమ భుజం మీదికి వాలి, గడ్డం కుడికి పోతోంది. ఎప్పుడూ ఒకే చోట ఆని ఉండేసరికి తల చదునైంది. మెడ ఇలా ఉంటే మంచం మార్చినంత మాత్రాన సరిపోదు, మెడ సాగదీయాలి. తొందరగా వచ్చారు, మంచిదే."

"అయితే నా దిక్కు చూడొద్దని కాదు?" అన్నాడు గవర్రాజు.

ఆవిడకు అర్థం కాలేదు. "ఏమన్నారు?"

"ఏం లేదు మేడం." అత్త వైపు చూసి అడిగాడు: "ఇది మంత్రసాని చేతి వల్లనా?"

"బండి ఆలస్యమైనందుకా అమ్మా?" అంది అప్పలకొండమ్మ కూడా.

"కడుపులో ఇరుకైనా అవుతుంది, కాన్పు కష్టమైనా అవుతుంది. ఇదీ కారణమని చెప్పలేం."

ఇద్దరికీ ఆ జవాబు నచ్చలేదు.

సుమిత్ర ఒక చేత్తో ఎడమ భుజం కదలకుండా పట్టి, రెండో చేత్తో తలను మెల్లగా కుడి భుజం వైపు వంచి చూపింది. తర్వాత గడ్డాన్ని ఎడమ భుజం వైపు తిప్పింది. బలవంతం చేయొద్దు, బిగుసుకుంటే, గట్టిగా ఏడిస్తే వదిలేయాలి, మళ్లీ స్థిమితపడ్డాక చేయాలంది. రోజూ చాలాసార్లు చేయాలి, వారం వారం వచ్చి చూపించాలి. మెడ బిగువు వదిలి, బరువు అటు పడటం మానితే తల కూడా ఏడాది నిండేలోపు చాలావరకు సర్దుకుంటుంది.

"నేను చెయ్యను. మెడ విరిగితే ఎవరిది?" అంది అప్పలకొండమ్మ ఇంటికి రాగానే.

గవర్రాజే చేశాడు. కిరసనాయిల్‌తో గ్రీజు వదిలించి, సబ్బుతో రెండుసార్లు కడిగి, వచ్చి కూర్చునేవాడు. పిల్లకు కదలకుండా పట్టుకుంటే గిట్టదు. మూతి ముడిచేది, గింజుకునేది. వదిలేసేవాడు. ఊరుకున్నాక మళ్లీ పట్టేవాడు. మిగతా వేళ కొట్టులో పని. పాలు, జోల, ఒడి అన్నీ అమ్మమ్మవి. పట్టుకోవడం ఒక్కటే తండ్రిది.

"వచ్చిండమ్మా మెడలు తిప్పేటోడు," అనేది అప్పలకొండమ్మ, అతని అడుగు గదిలో పడగానే. పోగానే, "పోయిండులే, పోయిండు," అని ఎత్తుకునేది.

వారం వారం తల ఇంకాస్త ఇటు వచ్చింది. మెడలో ముడి కరుగుతూ పోయింది.

ఎండలు ముదిరాక, గోడ వేడికి మంచాన్ని గది మధ్యకు జరిపారు. ఒక మధ్యాహ్నం గవర్రాజు కొట్టులోంచి వచ్చి తలుపులో నిలబడి పిలిచాడు. "అమ్మూ."

తల కదిలింది. సగం దగ్గర ఆగలేదు. గడ్డం ఎడమ భుజం దాకా వచ్చింది. పుట్టాక మొదటిసారి పిల్ల మొహం తనంతట తానే పూర్తిగా అతనికేసి తిరిగింది. అతన్ని చూసింది. పోల్చుకుంది. కింది పెదవి వణికింది, గుక్కపట్టి ఏడ్చింది.

అప్పలకొండమ్మ కుడివైపునుంచి వచ్చింది. "చూసింది గదా. ఏం జూసి ఏడ్చిందో కూడా చూడు."

"చూసింది. చాలు."

"ఇంక నాతో పంపు."

"వచ్చే వారం భద్రాచలం పోవాలె. మెడ ఇంకా పూర్తి కాలే."

"ఎన్నాళ్లు?"

"మేడం చాలన్నదాకా."

అమ్మమ్మ గొంతు విని అమ్ము ఏడుపు ఆపింది. తల కుడివైపుకు తిప్పుకుంది. గవర్రాజు చూస్తూ నిలబడ్డాడు. ఈసారి మెడ తప్పేం లేదు.

చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. మళ్లీ పట్టే వేళయింది.