పిచ్‌లో చెక్కిన పేరు

జమ్మలమడుగులో కొత్త బ్రాంచి తెరిచి మూడు నెలలైనా రోజుకు నాలుగు మూటల సిమెంటు కూడా కదలడం లేదు. ఉగాదిలోపు బేరం పుంజుకోకపోతే మూసేయమని మా యజమాని అజ్మతుల్లా గారికి ఆయన భార్య సైదాబీ గడువు పెట్టింది. ప్రొద్దుటూరులో పాత అంగడి ఉంది కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. కొత్త బ్రాంచిలో బిల్లులు కొట్టే నేను మాత్రం ఇంటికి పోవాల్సిందే.

“మన సరుకు రాత అట్లుంది హేమా,” అనేవాడు ఆయన. “చీర కొంటే పదిమంది చూస్తారు. మన ఇనప కమ్మీ పోయి కాంక్రీట్లో దాక్కుంటాది. సిమెంటు పోయి రంగు కింద దాక్కుంటాది. ఇంగ మనల్ని ఎవురు చూస్తారు?”

అందుకే క్రికెట్ టోర్నమెంటుకు స్పాన్సర్ కావాలని నిర్ణయించుకున్నాడు. నాతో ఒక ఉత్తరం టైపు చేయించాడు. కప్పుకు అంగడి పేరు పెట్టాలి, బౌండరీ చుట్టూ ఫ్లెక్సీలు కట్టాలి, సిక్సు కొట్టినప్పుడల్లా మైకులో పేరు చెప్పాలి. దాన్ని తీసుకుని ఇద్దరం టోర్నమెంటు నడిపే హర్ష దగ్గరికి పోయాం. ఊరి బయట వాళ్ల బీడులోనే ఆటలు. అక్కడి రేకుల షెడ్డే కమిటీ ఆఫీసు.

హర్ష ఉత్తరం చదివి నవ్వాడు. “కప్పుకు మా తాత నారాయణ పేరుంది మామా. తాతను తీసేసి నిన్ను పెడితే మా అవ్వ నన్ను ఇంట్లోకి రానీదు.”

“ఫ్లెక్సీలన్నా?”

“దాంట్లో ఇప్పటికే ఇరవై మూడు మొగాలుండాయి. ఎవుర్ని తీసినా గొడవే. కింద రెండు వేళ్ల జాగా ఉంది, నీ ఫోన్ నంబరు పడతాది.”

అజ్మతుల్లా గారు లేవబోయాడు. హర్ష ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. “మాకు కావాల్సింది దుడ్లు కాదు మామా. సిమెంటు పిచ్ కావాల. ఇది టెన్నిస్ బాల్ ఆట. మట్టిమీద బంతి లేస్తే లేస్తాది, లేకుంటే పండుకుంటాది. నువ్వు నలభై మూటలిస్తే పిచ్ మీద నీ పేరు పెయింటుతో రాయిస్తాం. బౌలరు వెనకాల ఫోన్ పెట్టి యూట్యూబులో లైవ్ ఇస్తాండాం. బంతి వేసినప్పుడల్లా కనపడేది నువ్వే.”

ఆ మాటకు మా యజమాని కళ్లు మెరిశాయి. ఒప్పేసుకున్నాడు.

ఆటలకు ఇరవై ఐదు రోజుల ముందు హఫీజ్ మేస్త్రి కాంక్రీటు పోశాడు. పైన నున్నగా తాపీ పట్టి లేవబోతుంటే అజ్మతుల్లా గారు ఆపాడు.

“పెయింటు రెండాటలకు లేచిపోతాది. పచ్చిగా ఉండంగానే చెక్కు హఫీజ్. మనం ఇంటి గడప ముందర తారీఖు చెక్కమా? ముప్పై ఏండ్లుంటాది.”

“గడప మీద బంతి వెయ్యరు గదా సార్.”

“నువ్వు ఆట ఆడతావా?”

“లేదు.”

“నేనూ ఆడను. చెక్కు.”

ఫోనులో బాగా కనపడాలని సరిగ్గా పిచ్‌కు ఒకవైపు, బంతి ఎక్కువగా పడే చోటే, మూరెడు పొడుగు అక్షరాలతో ‘అజ్మత్’ అని చెక్కించాడు. అది బంతి పడే చోటని ఆయనకు తెలియదు. హర్ష ఆ రోజు పులివెందుల్లో జట్ల పేర్లు రాసుకుంటున్నాడు. తిరిగొచ్చేసరికి పైన తడి గోనెలు కప్పి ఉన్నాయి. మూడు వారాలు పొద్దున, సాయంత్రం వాటిమీద నీళ్లు చల్లారు. ఆటల ముందురోజు గోనెలు తీశాక హర్ష తల పట్టుకున్నాడు. మైదానం మార్చడానికి టైము లేదు.

“ఏం కాదులేప్పా, సన్న గీతలే,” అన్నాడు మా యజమాని.

మొదటి శనివారం పులివెందుల జట్టు కెప్టెన్ కలీం బ్యాటింగుకు వచ్చాడు. బాగా ఆడతాడని పేరు. నాలుగో బంతి తిన్నగా వస్తూ అక్షరాల్లో పడి పక్కకు మళ్లి లెగ్ స్టంపును లేపేసింది. కలీం బయటికి పోలేదు. పిచ్ మీద మోకాళ్లూని గాడిలో వేలు పెట్టి చూశాడు. “ఏందప్పా ఇది? ఎలకలు తవ్విండాయా?”

మైకు పట్టుకున్న అమ్జద్ ఆగలేదు. “కలీమన్న ‘జ్మ’లో పడి ఔట్! ఒత్తక్షరం శానా డేంజర్ అన్నా!”

జనం విరగబడి నవ్వారు. ఆ రోజంతా అదే వరస. ‘అ’ మీద పడితే బంతి ఎగురుతోంది, ‘త్’ మీద పడితే జారుతోంది, ‘జ్మ’ మీద పడితే ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. బ్యాటర్లు స్టంపుల దగ్గర నిలబడి గుంతలు లెక్కపెట్టుకుంటున్నారు. అంగడి పేరు నూటికి పైగా సార్లు మైకులో వినపడింది. మా యజమాని మొదట మీసం దువ్వుకున్నాడు. నేను ఫోనులో లైవ్ కింద జనం రాసినవి చూపించాను. ‘అజ్మత్ సిమెంటు పోసిన నెలకే గుంతలు.’ ‘ఈళ్ల సిమెంటుతో ఇల్లు కడితే ఇంట్లోనే క్రికెట్.’

సోమవారం ఒకాయన బ్రాంచికి వచ్చి స్లాబుకు చెప్పిన నూరు మూటల ఆర్డరు వద్దన్నాడు. “మైదానంలో మీ సిమెంటు ఊడిపోయిందంట గదా.”

“ఊడిపోలేదప్పా! నేనే చెక్కించినా!”

“ఎవురన్నా చెక్కిచ్చుకుంటారా?”

వచ్చినాయన వెళ్లిపోయాడు. సైదాబీ ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేసింది. స్పీకరు ఆపమని మా యజమాని నాకు సైగ చేసేలోపే ఆమె మొదలుపెట్టింది. “పేరు తొక్కించుకోనీకి నలభై మూటలిచ్చిన మొగోన్ని నిన్నే చూస్తాండా. ఉగాది దాకా ఎందుకు, రేపే షట్టరు దించు.”

హర్ష వచ్చి పిచ్ మీద మ్యాట్ పరుస్తానన్నాడు. మా యజమాని తల ఊపబోయి ఆగాడు. “కప్పితే ఊరంతా ఏమనుకుంటాది? సిమెంటు పాడైంది, దాచిపెట్టినాడనుకుంటాది. వద్దు. అందరూ చూస్తాండంగా పూడుస్తా. ఆ ఫోను పెట్టు, లైవ్ పెట్టు.”

సాయంత్రం హఫీజ్ ఉలితో గాడుల అంచులు గరుకు చేసి, కడిగి తడిపాడు. తాపీ మాత్రం అజ్మతుల్లా గారే తీసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా సిమెంటు అమ్ముతున్నా తాపీ ఎప్పుడూ పట్టలేదు. మొదటి అక్షరం మీద కలిపిన సిమెంటు మాలు వేయగానే సగం లుంగీ మీద పడింది.

“అది తాపీ సార్, గంటె కాదు,” అన్నాడు హఫీజ్. “గట్టిగా వత్తు. గాలి ఉండకూడదు.”

లైవ్‌లో చూస్తున్నవాళ్లు ఇద్దరల్లా ఇరవై మంది, ఆపైన ఐదు వందల మంది అయ్యారు. ఫైనలుకు కూడా అంతమంది రారని హర్ష అన్నాడు. ఎక్కువమంది మేస్త్రీలే. ‘మాలు పల్సనైంది’ అని ఖాజీపేట నుంచి ఒకరు, ‘హఫీజ్ చెప్తాండేది కరెక్ట్’ అని చక్రాయపేట నుంచి ఒకరు రాశారు. నేను పైకి చదువుతుంటే హఫీజ్ ఒక్కొక్కరికి పనిచేస్తూనే జవాబు చెప్పాడు. ఇసుక ఎంత, నీళ్లు ఎన్ని, ఎన్ని రోజులు తడపాలి, అన్నీ. మా యజమాని చెమటలు కక్కుతూ తన పేరును ఒక్కో అక్షరమే పూడ్చేశాడు.

శనివారం దాకా తడి గోనెలు కప్పి ఉంచారు. కలీం బంతి తీసుకుని పూడ్చిన చోటల్లా వదిలి చూశాడు. ప్రతిసారీ మోకాలెత్తు లేచింది. “ఇప్పుడు ఔటైతే నా తప్పే,” అన్నాడు. మూడో ఓవర్లో ఔటయ్యాడు. బ్యాటు చంకలో పెట్టుకుని నేరుగా బయటికి పోయాడు.

తర్వాతి సోమవారం ఆర్డరు వద్దన్న పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. మా యజమాని గల్లా మీద నిటారుగా కూర్చున్నాడు.

“ఆ పొద్దు పక్కన కూచోని చెప్పినాడే, ఆ మేస్త్రి నంబరుందా?” అని అడిగాడు వచ్చినాయన.

యజమాని ముఖం వాడిపోయింది. అయినా నంబరు రాసిచ్చాడు. పెద్దమనిషి పోయాక పెన్ను గల్లాలో పడేశాడు. “పేరు పూడ్చింది నేను, గిరాకీ వానికి,” అన్నాడు నాతో.

మూడోనాడు అదే పెద్దమనిషి మేస్త్రి రాసిచ్చిన సామాను చీటీతో వచ్చాడు. ఇల్లు కట్టేవాళ్లు ఏ అంగడికి పోవాలో మా ప్రాంతంలో మేస్త్రి చీటీయే చెబుతుంది. నూట ఇరవై మూటలు, రెండు టన్నుల కమ్మీ. కింద హఫీజ్ వంకర రాతతో, ‘అజ్మత్ దగ్గరే తీసుకో. పని నేర్చుకుంటాండాడు.’

మా యజమాని ఆ చివరి మాట రెండుసార్లు చదివి, చీటీ నా వైపు తోసి బిల్లు కొట్టమన్నాడు.