థాంక్యూ తర్వాతి స్లైడ్

హిందూపురం దగ్గరి ఒక నూలు మిల్లులో వసుధ సేఫ్టీ అసిస్టెంటు. పేరు గొప్పదే. చేసేది మాత్రం ప్రతి నెలా హెడ్డాఫీసు మీటింగుకు ప్రెజెంటేషను తయారుచేయడం.

ఈసారి అందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. దూది దువ్వే రెండో కార్డింగ్ మిషన్ గేర్ల మీది రక్షణ జాలీని రిపేరుకని విప్పినవాళ్లు మళ్లీ బిగించలేదు. ఆ మిషన్ మీద పనిచేసే పుష్ప రోజూ ఆ గేర్ల పక్కనే చెయ్యి పెట్టి దూది తియ్యాలి. మిషన్ ఆగి ఉన్నప్పుడు ఆమె కుడిచేతిని గేర్ల దగ్గర పెట్టించి వసుధ ఫోటో తీసింది. అది చూస్తే పైవాళ్లు వెంటనే జాలీ వేయిస్తారని పుష్పకు మాట కూడా ఇచ్చింది.

నెట్లో దింపుకున్న టెంప్లేటు లోకంలోని సోకులన్నీ మోసుకొచ్చింది. నవ్వే ఇంజనీర్లు, మెరిసే ఫ్యాక్టరీలు, ఎవరికీ అక్కర్లేని లేఅవుట్లు. వసుధ తన స్లైడ్లు ముందు పెట్టి, నమూనా స్లైడ్లన్నీ ఆఖరి థాంక్యూ స్లైడు వెనక్కి తోసింది. ఫోటోకు నప్పే స్లైడు ఆ నమూనాల్లోనే కనబడింది. దాని బొమ్మ తీసేసి పుష్ప చేతి ఫోటో పెట్టింది. ముందుకు జరపడం తర్వాత చూద్దామనుకుంది.

ఫైలు బరువెక్కువై మెయిల్ పోలేదు. మేనేజరు నాగేశ్వరరావు తలమీద కూర్చున్నాడు. ఆ కంగారులో ఆమె థాంక్యూ తర్వాతి మొదటి స్లైడు నొక్కి, షిఫ్టు పట్టుకుని చివరిది నొక్కి, అన్నిటినీ ఒకేసారి డిలీట్ చేసింది. తర్వాత స్లైడ్ల అచ్చులుండే స్లైడ్ మాస్టర్ తెరిచి వాడని లేఅవుట్లు తీసేసింది. ఏ స్లైడైనా వాడుతున్న లేఅవుట్‌ను ప్రోగ్రాము తియ్యనివ్వదు. ఫోటో లేఅవుట్‌ను వాడే స్లైడు ఇప్పుడు లేదు, అదీ అడ్డం చెప్పకుండా పోయింది. అక్కడైనా అనుమానం రావాల్సింది, రాలేదు. సేవ్ చేసి మూసేసింది. ఫైలు చిటికెలో వెళ్లిపోయింది.

మీటింగు నుంచి నాగేశ్వరరావు హాయిగా వచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదట. జాలీ ఫోటో సంగతి అడిగితే, ఫోటో ఏదీ లేదే అన్నాడు. ఫైలు తెరిచి చూసుకున్న వసుధకు థాంక్యూ తర్వాత ఒక్క స్లైడూ కనబడలేదు.

"ఫోటో నా ఫోన్లో ఉండాది సార్, మీకు పెడతా, ఇప్పుడే పైవాళ్లకు పంపండి," అంది.

"మీటింగ్ అయిపోయింది కదమ్మా. వచ్చే నెల పెడదాం."

ఇలాంటి మనుషులు ఎవరికీ కీడు తలపెట్టరు, ఎవరి కోసమూ కుర్చీలోంచి లేవరు.

వచ్చే నెల రాకముందే గేర్లు పుష్ప కుడిచేతిని లాగేసుకున్నాయి. ఆసుపత్రిలో డాక్టర్లు మణికట్టు దాకా తీసేశారు.

వసుధ మంచం పక్కన నిలబడింది. తప్పును ఎవరి మీదైనా తోసేయొచ్చు, అందుకు మనుషులు కావలసినంతమంది ఉన్నారు.

"ఫోటో చూసి కూడా వాళ్లు జాలీ వెయ్యలేదా మేడం?" అంది పుష్ప.

"వాళ్లు చూడనే లేదు పుష్పక్కా. ఫైలు బరువైందని అక్కర్లేనివి తీసేస్తా, దాన్ని కూడా నేనే డిలీట్ చేసినా."

పుష్ప తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బాగుండునని వసుధకు అనిపించింది. పుష్ప కట్టువైపు చూసుకుంది.

"ఫోన్లో ఉండాది కదా మేడం, ఆ ఫోటో నాకియ్యండి. దాంట్లో నా చెయ్యి ఉండాది."