పేరు లేని కనెక్షన్

నిన్నటి నుంచీ నెట్ ఈడుస్తోంది. ఎవరు తాగేస్తున్నారో చూద్దామని మరదలు ల్యాప్‌టాప్‌లో రూటర్ పేజీ తెరిచి, ఏ పరికరాలు కలిసి ఉన్నాయో చదువుతూ వచ్చింది. సగంలో ఆగిపోయింది.

"వదినా, ఇలా ఓసారి రా."

ఆ పిలుపులో రోజూ ఉండే వెటకారం లేదు. వదిన, అంటే పిల్లలందరి టీచరమ్మ, వాళ్ళ ప్లేట్లు పక్కన పెట్టి వెళ్ళింది. ఇంటి కింద భాగంలో ఆఫీసు, ఆటగది. మేడమీద పిల్లలు పడుకునే గది. పసిపిల్లల్ని చూసుకునే ఈ సెంటర్ ఆ వదినా మరదళ్ళదే. పిల్లల బాధ్యత వదినది, కంప్యూటర్లూ లెక్కలూ మరదలివి.

"ఇందులో మనకి తెలియనివి రెండున్నాయి," అంది మరదలు. "మొదటి దాని అడ్రస్‌లో రెండో అక్షరం A. అంటే అది ఏ ఫోనో తన అసలు అడ్రస్ దాచుకుని మారు అడ్రస్‌తో వచ్చిందన్నమాట. నీ ఫోన్‌లో వైఫై ఆపు."

టీచరమ్మ ఆపింది. కాసేపటికి ఆ వరస మసకబారింది.

"నువ్వే. మొన్న అప్‌డేట్ కొట్టావు కదా, దాని తర్వాత మారినట్టుంది. ఇంట్లో దొంగని పట్టేశాం."

"ఏడ్చావులే. రెండోది?"

మరదలు నవ్వు ఆపేసింది. "దీనికి పేరు లేదు. అడ్రస్ మొదటి సగాన్ని బట్టి చూస్తే వైఫై చిప్పులు చేసే కంపెనీది. బల్బుల్లో వాడతారు, కెమెరాల్లో వాడతారు. మనకి అలాంటి బల్బుల్లేవు. పైగా ఇది డౌన్‌లోడ్ ఏమీ చేయట్లేదు, ఊరికే పైకి పంపుతూనే ఉంది. వీడియో లాగ. కలిసింది సిగ్నల్ కోసం మేడమీద పెట్టిన వైఫై డబ్బాకి."

మేడమీది గదిలో పిల్లల బట్టలు మారుస్తారు. అక్కడ కెమెరా ఉండదని టీచరమ్మ ప్రతి తల్లికీ మాట ఇచ్చింది. ఆ గదిలో రోజంతా ఉండేది ఒక్క ఆయమ్మే. నిన్న సాయంత్రం వైఫై పాస్‌వర్డ్ అడిగింది కూడా ఆయమ్మే.

"బ్లాక్ చేసెయ్."

"ఒక్క నొక్కు పని. కానీ అది ఆగిపోయిందని పెట్టినవాళ్ళకి తెలుస్తుంది, ఎక్కడుందో మనకి తెలీదు. సాయంత్రానికి మాయం చేస్తారు."

"అందాకా పిల్లల్ని చూస్తూ ఉండనిస్తామా?"

మరదలు మౌస్ బాణాన్ని బ్లాక్ బటన్ మీదే ఉంచింది.

టీచరమ్మ మెట్లెక్కింది. ఆయమ్మ ఒక పాపని భుజానేసుకుని, ఇంకో బాబు వీపు కాలి వేళ్ళతో జోకొడుతోంది. ఆవిడకి ఎప్పుడూ రెండు చేతులు చాలవు.

"మీ ఫోన్ ఒక్కసారి ఇస్తారా, ఆయమ్మా."

"ఎందుకమ్మా?" అంటూనే కొంగు చివర ముడి విప్పి ఇచ్చింది. "మా మనవరాలి వీడియో తెరుచుకోవట్లేదు, కాస్త చూడండి. అందుకే నిన్న ఆ పాస్‌వర్డ్ అడిగాను."

టీచరమ్మ కళ్ళు ఫోన్ మీద లేవు. గోడ మీది గడియారం, కిటికీ పై పలక, ఫ్యాన్ కప్పు వెదుకుతున్నాయి. వైఫై ఆపి కిందికి కేక వేసింది. "ఏదైనా పోయిందా?"

"పోయింది గానీ అది కాదు," అని మరదలి గొంతు వినిపించింది. "పోయింది ఆవిడ ఫోనే, దానికి పేరుంది. మనం వెదికేది ఇంకా నడుస్తోంది."

అయినా టీచరమ్మ మనసు ఊరుకోలేదు. ఫోన్ కాకపోతే వేరేది పెట్టి ఉండకూడదా? "మీ సంచీ కూడా చూడాలి," అనేసింది.

జోకొడుతున్న కాలు ఆగింది. ఆయమ్మ మూలనున్న సంచీని కాలితోనే ముందుకు జరిపింది. అందులో ఒక చీర, మందుల డబ్బా, ఖాళీ టిఫిన్ గిన్నె ఉన్నాయి. టీచరమ్మ సంచీ మూసి లేచింది. రేపటి నుంచి రావద్దన్న మాట నాలుక చివర ఉంది. అది అనేస్తే ఈవిడని మళ్ళీ ఏ సెంటరూ పనిలో పెట్టుకోదని తెలుసు.

అనలేదు. ముందు పిల్లలు గది ఖాళీ చేయాలి. వెదకడం ఆ తర్వాత.

"అందరినీ కిందికి దింపుదాం ఆయమ్మా. ఇవాళ ఆటగదిలోనే పడుకుంటారు."

పిల్లలు ఒక్కొక్కరే మెట్లు దిగారు. ఒకరి చేతిలో దిండు, ఇంకొకరి నోట్లో బొటనవేలు. చివర్న గుండుబాబు, చంకలో గుడ్డ కుందేలుతో. వాడికింకా మాటలు రాలేదు. ఈ నెలలోనే చేరాడు. ఆ కుందేలు లేకుండా గుమ్మం కూడా దాటడు.

టీచరమ్మ పైనే ఉండి మంచాల కింద చూస్తోంటే కింది నుంచి కేక వచ్చింది.

"వదినా, పోయింది! మేడమీది డబ్బా మీద లేదు." కాసేపాగి, "ఉండు. మళ్ళీ వచ్చింది. ఇప్పుడు కింది రూటర్ మీద ఉంది."

టీచరమ్మ మంచం పట్టుకుని నిలబడింది. గోడకి కొట్టిన వస్తువు మెట్లు దిగదు. అది పిల్లలతో పాటే దిగింది.

ఆటగదిలో గుండుబాబు పక్కన కూర్చుంది. "మీ కుందేలుకి నిద్రొస్తోందట నాన్నా. దుప్పటి కప్పుదామా?" వాడు ఆలోచించి, కుందేలుని ఇచ్చాడు. కడుపు దగ్గర కుట్టు కొత్తది. వేలితో నొక్కితే గట్టిగా, కాస్త వెచ్చగా తగిలింది. బొత్తాం కన్ను ఒకటి రెండోదానికంటే నల్లగా మెరుస్తోంది.

ఆ కన్ను మూసేలా దుప్పటి చుట్టి మరదలి వైపు తల ఊపింది. మరదలు బ్లాక్ నొక్కింది.

కబురు అందిన గంటలోపే గుండుబాబు తల్లి వచ్చింది. ఏదో షోరూంలో పని, ఇంకా యూనిఫాంలోనే ఉంది. దుప్పటిలో కుందేలుని చూడగానే కుర్చీలో కూలబడింది.

"కెమెరా నేనే పెట్టాను. పాస్‌వర్డ్ మీ ఆఫీసు గోడ మీదే ఉంది మేడమ్. పిల్లల కోసం వచ్చి కూర్చునేవాళ్ళ కోసమని."

మరదలు గోడ వంక చూసి తల దించుకుంది. ఆ కాగితం అంటించింది తనే. విడిగా గెస్ట్ నెట్‌వర్క్ పెట్టడానికి బద్ధకించి అందరికీ ఒకటే ఇచ్చింది.

"వేరే తల్లుల పిల్లలు కూడా అందులో పడ్డారమ్మా," అంది టీచరమ్మ. "ఆ గదిలో బట్టలు మారుస్తాం. తెలుసా మీకు?"

"ఆ సంగతి తట్టలేదు. వాడు చెప్పలేడు కదా మేడమ్. ఎవరైనా కొట్టినా, ఆకలేసినా, చెప్పలేడు. వెనకటి సెంటర్‌లో వాడి చెయ్యి కమిలింది. ఎలాగని అడిగితే ఎవరూ చెప్పలేదు." ఆమె ఫోన్ తీసింది. "అన్నీ తీసేస్తాను. మీ ముందే."

రికార్డింగులు ఒక్కొక్కటీ చెరిపింది, కెమెరా కంపెనీ ఖాతాలో దాచినవి కూడా. మరదలు పక్కనే నిలబడి కెమెరాలోని మెమొరీ కార్డు తీయించుకుంది. అది అయ్యాక తల్లి మెల్లగా అంది, "నిన్నటి నుంచీ నేను చూసింది ఎక్కువ ఆయమ్మగారినే. మావాడు నిద్రలో ఉలిక్కిపడితే ఆవిడ తినే అన్నం వదిలేసి పరిగెత్తేవారు. నిన్న రాత్రే నేను కూడా కాస్త నిద్రపోయాను."

టీచరమ్మ ఆ మాటలు విని లేచి ఆటగదిలోకి వెళ్ళింది.

"ఆయమ్మా, ఆ కుందేలులో కెమెరా ఉంది. మీరు పెట్టారనుకున్నాను. అందుకే సంచీ చూశాను."

ఆయమ్మ పడుకున్న పిల్లల మధ్య కూర్చునే ఉంది. "నన్ను అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని, వాడి కుందేలు బరువుగా ఉందని. పొద్దున ఎత్తితే అనిపించింది."

"తప్పు నాది."

"మీదే," అంది ఆయమ్మ, కోపం లేకుండా, కానీ వదిలేయకుండా. "తల్లులందరికీ చెప్తారా ఇది?"

"ఇవాళే చెప్తాను. కొందరు పిల్లల్ని మాన్పించేస్తారేమో."

"చెప్పండి. ఆ అమ్మాయి పేరు మాత్రం బయట పెట్టకండి, పాపం. సంచీ చూసిన సంగతి నేనూ ఎవరికీ చెప్పను." గుండుబాబు నిద్రలో చెయ్యి చాపి వెదికాడు. కుందేలు అందలేదు. ఆయమ్మ తన వేలు ఇచ్చింది. వాడు దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఇక నేను లేవలేను," అంది. "ఆ మిగతా పిల్లల పాలు మీరే కలపాలి టీచరమ్మా."