మూడో కట్ట

తప్పు నాదే. ఆ ముక్క ముందే చెప్పేస్తే గుండె కాస్త తేలికపడుతుంది.

మా తిమోర్ దీవి కొండల్లో విత్తనం మొక్కజొన్న కంకుల్ని పొట్టుతోనే కట్టలు కట్టి, గుండ్రటి వంటింట్లో పొయ్యి మీదుండే అటకకు వేలాడదీస్తాం. పొగ తగులుతుంటే పురుగు పట్టదు. ఆ అటక ఎక్కే హక్కు ఇంటి పెద్దామెదే. మా ఇంట్లో ఆవిడ మా అత్త బిల్హా. ఆ ఏడాది పైన మూడు కట్టలున్నాయి.

అక్టోబరులో వ్యవసాయ శాఖ అమ్మాయి యెండ్రి చర్చి దగ్గరికొచ్చి అందరికీ చెప్పింది. "తూర్పున మహాసముద్రంలో, భూమధ్యరేఖ దగ్గర నీళ్లు వేడెక్కాయమ్మా. కొన్నేళ్లకోసారి ఇలా అవుతుంది. మన వైపు కట్టాల్సిన మబ్బులు అటు జరిగిపోయి సముద్రంలోనే కురుస్తాయి. మన పడమటి గాలి ఆలస్యంగా వస్తుంది. ఈలోగా ఒకటి రెండు జల్లులు పడినా నమ్మకండి. మోచేతి లోతు తడిస్తేనే గింజ వెయ్యండి."

"ఎక్కడో సముద్రం కాగితే ఇక్కడ మా చేను మాడుతుందా తల్లీ?" అని నేను పకపకా నవ్వాను. అత్త నవ్వలేదు.

నవంబరులో మూడు రోజులు వాన పడింది. పక్కచేల వాళ్లు గుంటలు పొడిచే కర్రలు పట్టుకుని విత్తడానికి దిగిపోయారు. నాకు కాళ్లు నిలవలేదు.

"అత్తా, కట్ట దించు. ఊరంతా విత్తుతుంటే మనం గోళ్లు గిల్లుకుంటూ కూచుందామా?"

అత్త కర్రతో నేల పొడిచి చూపించింది. "వేలెడు కూడా తడవలేదే నయేమా."

"అమ్మ చెప్పినట్టు ఆగుదామే," అన్నాడు మా ఆయన ఫిల్మోన్.

"నువ్వూరుకో! రేపు అందరికీ పండి మనకు పండకపోతే నీ మొహం చూస్తూ కడుపు నింపుకోవాలా?"

నా నోటికి భయపడి అత్త కట్ట దించింది. గింజలు మొలిచాయి, జానెడు లేచాయి. ఆ తర్వాత నాలుగు వారాలు చుక్క రాలలేదు. మొక్కలు వేళ్లతో నలిపితే పొడి అయ్యాయి. డిసెంబరులో రెండు జల్లులు పడగానే నేను మళ్లీ పోరు పెట్టాను. రెండో కట్టా అలాగే మట్టిపాలైంది.

ఇక మిగిలింది ఒక్క కట్ట. క్రిస్మస్ నాటికి ఇంట్లో తిండి గింజలు అయిపోయాయి. చింతగింజలు వేయించి నమిలాం. పందులకు వేసే తాటి బోదె దంచి గంజి కాశాం. పిల్లల్లో చిన్నది ఏడవడం కూడా మానేసింది.

"పిల్లలు పస్తులుంటే నెత్తి మీద గింజలు దాచుకుని కూచుంటావా? నీది గుండెనా, బండరాయా?" అని అత్త మీద విరుచుకుపడ్డాను.

"అది విత్తు. దాని జోలికి రాకు," అంది అంతే.

సాయంత్రమయ్యేసరికి మాత్రం పిల్లల గంజిలో పిడికెడు మొక్కజొన్న రవ్వ వేసేది. తన చెల్లెలు పంపిందనేది. ఆవిడ చేనూ ఎండిందే కదా అన్న ఆలోచన నాకు రాలేదు. ఆకలి మీద బుర్ర పనిచేయదు.

రోజూ తల ఎత్తి పొగలో ఆ కట్టను చూసుకునేవాళ్లం. అది ఉందన్న ధైర్యంతోనే నేనూ ఫిల్మోనూ చేను మళ్లీ తవ్వాం.

జనవరి చివర పడమటి గాలి తిరిగింది. నాలుగు రోజులు విడవకుండా కురిసింది. ఈసారి నేనే కర్ర దించి చూశాను. మోచేతి లోతు తడి! ఫిల్మోన్‌కు గుంటలు పెట్టమని చెప్పి, తడుస్తూ ఇంటికి పరిగెత్తాను.

"అత్తా, వచ్చేసింది! ఇది అసలు వానే! కట్ట దించు!"

ఆవిడ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "మోకాళ్లు పట్టేశాయే."

"అయితే నేనెక్కుతా. తిట్టుకుంటే తిట్టుకో."

ఆపలేదు. ఎక్కి కట్ట పట్టుకుంటే చేతికి బరువే లేదు. ఒక కంకి పొట్టు విప్పాను. ఒట్టి బెండు. ఇంకొకటి విప్పాను, మరొకటి విప్పాను. అన్నీ గింజ ఒలిచేసి, పొట్టు మళ్లీ మూసి, నారతో ముడివేసిన బెండ్లే.

"ఎప్పటినుంచి?" అన్నాను పైనుంచే.

"క్రిస్మస్ నుంచి. పిల్లలు పోతారనిపించిందే."

"చెప్పొచ్చు కదా!"

"పైన ఏమీ లేదని తెలిస్తే మీరు చేను తవ్వేవాళ్లా? వాన వచ్చేలోపు సర్కారు విత్తనం వస్తుందని యెండ్రి వాళ్లు అన్నారు. అప్పటికి నేల సిద్ధంగా ఉండాలి కదా అనుకున్నా. అదీ రాలేదు."

ముందు రెండు కట్టల మాట ఎత్తుతుందని చూశాను. ఎత్తితే అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని. ఆవిడ ఆ ఊసెత్తకుండా పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. దాంతో నాకు ఏడవడానికి కూడా మొహం లేకపోయింది.

ఒట్టి చేతులతో చేనికి వెళ్లాను. ఫిల్మోన్ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వరసగా గుంటలు పొడిచేసి, కర్ర ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"గింజలేవే? త్వరగా తే, గుంటల్లో నీళ్లు నిండిపోతున్నాయి," అన్నాడు.