మిగిలిన వాటా

ఫైనలియర్ ప్రాజెక్టును అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు ముగ్గురూ పంచుకున్నారు, చిక్కడపల్లిలో ఓ ఇరానీ హోటల్లో కూర్చుని. పంచుకోక తప్పలేదు. అఖిల్, శశాంక్, సంధ్య ఒకే యూనివర్సిటీలో ఒకే మాస్టర్స్‌కు అప్లై చేస్తున్నారు. ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే ఎస్ఓపీలో ముగ్గురూ ఒకే ప్రాజెక్టును "నేనే చేశాను" అని రాస్తే నమ్మేదెవరు? పైగా గైడు కుమారస్వామి సార్ సిఫారసు లేఖకు షరతు పెట్టాడు: "ఎవరేం చేసిన్రో తేల్చుకొని రాండ్రి. ముగ్గురికీ ఒక్కటే లేఖ రాయ."

ప్రాజెక్టు గొప్పదేం కాదు. టమాట ఆకు ఫొటో ఇస్తే ఏ తెగులో చెప్పే ప్రోగ్రాం. ఏటా ప్రతి కాలేజీలో ఎవరో ఒకరు చేసేదే. నెట్‌లో ఉచితంగా దొరికే ఆకుల ఫొటోలు, ఎవరో రాసిపెట్టిన కోడ్, నూటికి తొంభై ఏడు కరెక్టు.

"మోడల్ ట్రెయినింగ్ నాది," అన్నాడు అఖిల్.

"యాప్ నాది," అన్నాడు శశాంక్.

"మరి నాకు?" అంది సంధ్య.

"రిపోర్టు రాసినవ్ గదా. బైండింగ్ గూడ నువ్వే చేయించినవ్," అన్నాడు అఖిల్.

"బైండింగ్ మీద రీసెర్చ్ చేస్తనని రాయాల్నా?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. సంధ్యకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఎస్ఓపీ రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, లోపల ఎక్కడో మొద్దుబారిపోయింది. చాయ్ చల్లారిన సంగతి కూడా తాగాక గానీ తెలియలేదు.

నారాయణగూడలో విదేశీ చదువుల కన్సల్టెన్సీ నడిపే జగన్మోహన్‌కు ఇదంతా చిటికెలో పని.

"రైతుబిడ్డనని రాయమ్మా. చిన్నప్పుడు మీ నాయిన టమాట తోట ఎండిపోతే ఏడ్చినవ్. ఆడికెల్లి ఇంట్రెస్టు పుట్టింది."

"మా నాయిన టైలర్ సార్."

"గాళ్లొచ్చి చూస్తరా?"

చెప్పినట్టే రాసింది. చదువుకుంటే ఇంకెవరి కొలతలకో కుట్టిన జాకెట్టులా ఉంది. అయినా పట్టుకుని సార్ ఇంటికి వెళ్లింది.

కుమారస్వామి సార్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "మీ నాయిన మిషన్ కుడ్తడంటివి. టమాట ఎప్పుడేసిండమ్మా?"

సంధ్య కాగితం వెనక్కి తీసుకోబోయింది.

"సెలవులల్ల ఊరికి పోయి ఫొటోలు తెచ్చినవ్ గద. గవేమైనయ్?"

అవి పక్కింటి బీరమ్మ తోటలో తీసినవి. 'ఫొటో తీస్తే పురుగు పోతదా బిడ్డా?' అని బీరమ్మ దెప్పుతూనే ఆకులు పట్టుకుని చూపించింది. ప్రోగ్రాం వాటిలో సగానికి పైగా తప్పు చెప్పింది. వైవాకు ముందు అఖిల్ ఆ పేజీని రిపోర్టులోంచి తీసేశాడు. సంధ్య వద్దనలేదు.

"తప్పు చెప్పింది సార్. తీసేసినం."

"ఎందుకు తప్పు చెప్పింది?"

"తెల్వది."

"చూసినవా?"

చూడలేదు.

"చూసి రా. లేఖ సంగతి గప్పుడు."

అశోక్ నగర్ హాస్టల్లో పక్క మంచం మీద రమ్య గ్రూప్స్ పరీక్షకు పైకి చదువుతోంది. సంధ్య ఫొటోలు తెరిచింది. నెట్‌లోవన్నీ తెంపిన ఆకులు, ఒక్కొక్కటిగా బూడిదరంగు కాగితం మీద పరిచినవి. తన వాటిలో మట్టి ఉంది, డ్రిప్పు పైపు ఉంది, బీరమ్మ వేళ్లున్నాయి. ఒక ఫొటోలో ఆకును మాత్రం కత్తిరించి బూడిదరంగు మీద అతికించి ప్రోగ్రాంకు ఇచ్చింది. అప్పుడు తప్పు చెప్పినదాన్ని ఇప్పుడు సరిగ్గా చెప్పింది. ఇంకొకటి. అదీ అంతే. చాలావరకు మారాయి, కొన్ని మారలేదు.

టైలర్ నాయన ఎన్నడూ వేయని టమాట తోటను ఎస్ఓపీలోంచి కొట్టేసి ఇలా రాసింది: 'కాగితం మీద తెగులును గుర్తుపట్టిన మా ప్రోగ్రాం తోటలో గుర్తుపట్టలేదు. ఆకును మాత్రం కత్తిరించి ఇస్తే చాలావరకు జవాబు మారింది, కొన్నింటికి మారలేదు. అది ఆకును ఎంత చూస్తోంది, ఆకు వెనకున్నదాన్ని ఎంత చూస్తోంది? నేను పరీక్షించినవి కొన్నే, కాబట్టి ఇంకా చెప్పలేను. ఇదే చదవాలనుకుంటున్నాను.'

సంగతి శశాంక్ చెవిన పడింది. మళ్లీ అదే హోటల్.

"జర గా ముక్క నాకియ్యరాదు? యాప్‌ల ఫొటో తీసే బటన్ పెట్టింది నేనే గద."

"ఇయ్య."

"గంతేనా?"

"గంతే. మీకు అక్కెర లేకనే కదా తీసేసిన్రు."

ఆ మాట గట్టిగా కూడా అనలేదు.

సార్ కొత్త ఎస్ఓపీ రెండుసార్లు చదివాడు. "గిప్పుడు ఇంట్రెస్టు ఉందా అమ్మా?"

"తెల్వది సార్. కొన్ని ఎందుకు మారినయో, కొన్ని ఎందుకు మారలేదో చూడాల్నని మాత్రం ఉంది."

"గదే రాస్త," అని సార్ లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు.

అప్లికేషన్ పంపిన సాయంత్రం సంధ్యకు ఏ సంతోషమూ కలగలేదు. "అక్కా, మెస్సుల అన్నం అయిపోతది," అని రమ్య గుమ్మంలోంచి పిలిచింది.

"నువ్వు నడువు, వస్తున్న."

ఇప్పుడు ఇది ఎవరికీ చూపించేది లేదు. కత్తిరిస్తే జవాబు మారిన వాటిలోంచి బీరమ్మ వేళ్లున్న ఫొటో తెరిచి, మట్టిని ఉంచి వేళ్లను మాత్రం చెరిపేసింది. ప్రోగ్రాం మళ్లీ తప్పే చెప్పింది. ఈసారి వేళ్లను ఉంచి మట్టిని చెరపడం మొదలుపెట్టింది.