ఐదో వరుస

వడ్డీ మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యారు గానీ, లెక్కలు ఆయన్ని వదల్లేదు. భార్య మిషను కుట్టి కూడబెట్టిన రెండు లక్షలను ఇద్దరి పేరునా ఐదేళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసిన రోజే, ఎనిమిది శాతం చక్రవడ్డీతో ఏ ఏడాదికి ఎంతవుతుందో టేబుల్ వేశారు. లామినేషన్ చేయించి మంచం పక్కన తగిలించారు. మొదటి ఏడాది చివర 2,16,000. రెండో ఏడాదికి 2,33,280. తర్వాత 2,51,942. నాలుగో ఏడాదికి 2,72,098. ఐదో వరుసకు వచ్చేసరికి ఆయన గొంతు వణికేది: 2,93,866!

"మొదటి ఏడు పదహారు వేలే పెరిగింది. చివరి ఏడు ఒక్కదానికే ఇరవై ఒక్క వేల పైచిలుకు. వడ్డీ మీద వడ్డీ అంటే మాటలా!" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ పాఠం చెప్పేవారు. వచ్చేవాళ్లు తగ్గిపోయారు.

రెండేళ్లు నిండేసరికి భార్య కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఇంకా ఆలస్యమైతే కష్టమన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కు చేతిలో డబ్బు లేదు, ఉన్నదంతా ఐదో వరుసలో ఉంది. సూదిలో దారం ఎక్కట్లేదని ఆమె అంటే, మాస్టారు పెద్ద బెజ్జమున్న సూదులు కొనుక్కొచ్చారు. అంతటి దయామయుడు!

చివరికి ఆమె మొండికేసింది. బ్యాంకుకు వెళ్లక తప్పలేదు. మాస్టారు టేబుల్‌ను గోడ మీంచి తీసి చంకలో పెట్టుకుని మరీ బయల్దేరారు.

ఆఫీసరమ్మ లెక్క చూసింది. "రెండేళ్ల డిపాజిట్‌కి అప్పటి రేటు ఏడు శాతం మాస్టారూ. ముందే తీస్తే అందులో ఒక శాతం కోత. ఆరు శాతం మీద రెండు లక్షల ఇరవై నాలుగు వేల ఏడు వందల ఇరవై వస్తుంది."

"అంటే నా టేబుల్ కంటే ఎనిమిదివేల అయిదొందల అరవై తక్కువా! చూడమ్మా, నువ్వే చెప్పు ఈవిడకి," అని టేబుల్‌ను బల్ల మీద పరిచారు. "ఇంకో మూడేళ్లు ఓపిక పడితే చాలు. ఏముంది, కాస్త మసకేగా!"

"అవునండీ, కాస్త మసకే," అంది భార్య నెమ్మదిగా. "అమ్మా, సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఆఫీసరమ్మ ఫారం ముందుకు జరిపి పెన్ను అందించింది. ఆమె బల్ల మీద చేత్తో తడుముకుంది. అంచు దొరికింది. తల బాగా వంచి, ముప్పై ఏళ్లుగా పెడుతున్న సంతకాన్ని పొందికగా పెట్టింది, ఐదో వరుస మీద.

"సరిపోయిందా అమ్మా?" అని అడిగింది.

మాస్టారు ఆ సంతకాన్ని చూసి సిగ్గుపడ్డారు. పక్కనే కూర్చుని రెండేళ్లుగా ఆయన చూసింది అంకెలనే. టేబుల్‌ను పక్కకు లాగేసి, ఫారం మీద తన సంతకం ముందు పెట్టారు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని గీత మీదికి తెచ్చారు.

"ఇక్కడ పెట్టవే," అన్నారు.