డాక్టరమ్మకో థాంక్స్ మెయిల్

పిల్లల పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌లో ఏడుపులు తగ్గాయంటే అది అక్క చలవే. ఆఫీసులకూ క్లినిక్కులకూ లోపలి గదులు తీర్చిదిద్దే పని ఆమెది. ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టాక చేతికొచ్చిన మొదటి పని ఈ క్లినిక్కే. ఏడుస్తూ బయటికొచ్చే పిల్లల్ని చూసి లోపలికి వెళ్ళాల్సిన పిల్లలు బెదిరిపోతున్నారని అక్కడి వెయిటింగ్ గదిలో ఓ మూల కుర్చీలో కూర్చుని కనిపెట్టింది. బయటికి వెళ్ళడానికి వేరే తలుపు పెట్టించింది. అంత చిన్న ఉపాయం అంత పెద్ద డిగ్రీలున్న వాళ్ళెవరికీ తట్టలేదంటే ఏమనాలి మరి!

అంతా బాగానే ఉంది గానీ, రెండో పని జాడే లేదు. ఇంతలో పాత మేనేజరు ఫోన్ చేసి, "నీ సీటు సోమవారం దాకా ఆపగలను. వస్తావో రావో తేల్చు" అన్నాడు. మంచివాడే పాపం. ఆ మంచితనానికే అక్క గుండెల్లో రాయి పడింది. సోమవారంలోగా ఇంకో పని దొరక్కపోతే, ముందుగదిలో వేసుకున్న ఈ డ్రాయింగ్ బల్ల మడిచేసుకోవాల్సిందే.

"డాక్టరమ్మకి థాంక్స్ చెప్తూ మెయిల్ పెట్టక్కా. ఇంకెవరికైనా నీ పేరు చెప్పమని అందులోనే అడుగు" అంది చెల్లి.

"ఛీ, అడుక్కున్నట్టుంటుందే."

"గది అప్పగించి నెల దాటింది. బిల్లు గొడవా లేదు. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?"

అక్క గంటసేపు కుస్తీపట్టి ఓ ఉత్తరం తయారుచేసింది. చెల్లి చదివి పొట్ట పట్టుకుని నవ్వింది. మొదటి వాక్యంలో కృతజ్ఞతలు, ఆ తర్వాత అంతా మూడో సొరుగు కాస్త బిగుతుగా ఉందనీ, స్విచ్చు పక్కన రంగు తేడా కొట్టిందనీ వరసపెట్టి తప్పులే! గది అప్పగించేముందు లోపాలు రాసుకోవడం అక్క వృత్తిలో అలవాటు. ఆ చెయ్యి ఊరుకోదు.

"థాంక్స్ చెప్తున్నావా, నీ మీద నువ్వే కేసు పెట్టుకుంటున్నావా? సొరుగు సంగతి వెళ్ళి సరిచేసిరా. ఇక్కడ మాత్రం ఆవిడ చేసిన మంచి చెప్పు."

కొట్టేసి మళ్ళీ రాసింది:

"మేడమ్, గోడ పగలగొట్టి తలుపు పెడదామన్నప్పుడు, సొంతంగా ఒక్క పని కూడా చేసి చూపించని నన్ను నమ్మారు. మొన్న గది ఎలా ఉందో చూడ్డానికి వచ్చినప్పుడు ఒక పాప ఇంటికి వెళ్ళనని కిటికీ కింద బల్ల పట్టుకుని మారాం చేసింది. ఆ రోజు నాకు కడుపు నిండిపోయింది. పిల్లలు వచ్చే క్లినిక్ గానీ బడి గానీ నడిపేవాళ్ళు మీకు తెలిసి, గది మార్చుకోవాలనుకుంటుంటే, నా పేరు ఒక మాట చెప్పండి. ఈ మెయిల్ అలాగే పంపినా చాలు. ఎవరూ లేకపోయినా ఏమీ అనుకోను. మీకు నా ధన్యవాదాలు ఎప్పుడూ ఉంటాయి."

కళ్ళు మూసుకుని పంపింది.

శుక్రవారం గడిచింది, ఉలుకూ పలుకూ లేదు. శనివారం సాయంత్రానికి అక్క మేనేజరుకు "వస్తాను" అని టైప్ చేసి, పంపలేక ఫోన్ బోర్లించింది. అప్పుడే అది మోగింది.

"అమ్మాయీ, నీకు ద్రోహం చేశాను" అంది డాక్టరమ్మ.

అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. "సొరుగు బిగుసుకుపోయిందా మేడమ్?"

"సొరుగు కాదమ్మా! ఈ గది ఎవరు చేశారని ముగ్గురు అడిగారు. దూరపు బంధువుల పిల్ల, ఊళ్ళో లేదని అబద్ధం చెప్పాను."

"ఎందుకు మేడమ్?"

"మేడమీద రెండు గదులున్నాయి. వచ్చే ఏడు నీతోనే చేయించాలనుకున్నా. వాళ్ళందరికీ తెలిస్తే నువ్విక నాకు దొరుకుతావా? మంచి టైలర్ పేరు నేను మా తోడికోడలికి కూడా చెప్పను. నీకు పని లేదని నాకేం తెలుసు? నీ మెయిల్ చదివి రెండు రోజులు సిగ్గుతో ముఖం చాటేశాను."

అక్కకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండింటికీ మధ్య "థాంక్స్ మేడమ్" అని ఏదో గొణిగింది. ఎవరికీ అక్కర్లేదేమో అని ఇన్నాళ్ళూ కుమిలిన మనిషి, తనను అంత అపురూపంగా దాచుకున్నారని తెలిస్తే ఏమైపోతుంది పాపం!

ఫోన్ పెట్టేసి మేనేజరుకు టైప్ చేసిన మాట చెరిపేసింది. "రాలేను సర్, ఇన్నాళ్ళు ఆగినందుకు చాలా థాంక్స్" అని రాసి పంపింది.

ఇంతలో చెల్లి అరిచింది. డాక్టరమ్మ ఆ మెయిల్‌ను ఆ ముగ్గురికీ పంపి, అక్కకూ కాపీ పెట్టింది. పైన తనదిగా ఒకే మాట చేర్చింది:

"ఈ పిల్ల నాది. పని కాగానే తిరిగి పంపించెయ్యండి."